మామూ రాసిన గవాహీ

నిరుడు షాబాన్ నెలలో ఒక రాత్రి ఇషా నమాజ్ అయ్యాక పాడేరు నుంచి మామూ ఫోన్ చేశారు. సలాం, ఖైరియత్ అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు.

"బేటా, జడ్జి గారికి ఒక ఖత్ రాయాలి. నాకు ఉర్దూలో చెప్పడం వచ్చు, తెలుగులో రాయడం రాదు. నువ్వు ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోడివి. నువ్వు రాసిపెట్టు."

మామూ అంటే మా అమ్మీకి చాచా కొడుకు. నలభై ఏళ్ల కింద వ్యాపారం కోసం కొండెక్కి అక్కడే ఉండిపోయారు. సంతల్లో గిరిజనుల దగ్గర పసుపు, పిప్పళ్లు, రాజ్మా, చింతపండు కొని విశాఖపట్నం పంపుతారు. తిరుగు బండిలో ఉప్పు, నూనె, ఉల్లిపాయలు వస్తాయి. ఉన్నది ఒక్క బొలెరో పికప్. దాన్ని నడిపేది ఒక్కడే మనిషి, పంతొమ్మిదేళ్లుగా. హుకుంపేట వైపు ఊళ్లో పుట్టిన ఆదివాసీ. మామూ పిల్లలు ముగ్గురూ ఆయన్ని డ్రైవరన్నా అనే పిలుస్తారు. ఈద్ రోజు షీర్ ఖుర్మా మొదటి గిన్నె ఆయన ఇంటికే వెళ్తుంది.

2022 నవంబరులో ఒక రాత్రి ఘాట్ రోడ్డులో, మంచు కమ్మిన మలుపు దగ్గర ఆ పికప్ ఒక మోటార్ సైకిల్‌ను గుద్దింది. నడుపుతున్న కుర్రాడు చనిపోయాడు. వెనక కూర్చున్న వాడి కాలు విరిగింది. డ్రైవరన్న పారిపోలేదు. ఇద్దర్నీ అదే బండిలో ఎక్కించుకుని పాడేరు ఆసుపత్రికి తెచ్చాడు. కేసు నడిచి నడిచి తీర్పు దగ్గరికి వచ్చింది. శిక్ష పడే లోపల యజమాని తరఫున ఒక ఉత్తరం ఇస్తే మంచిదని వకీలు గారు చెప్పారట.

పాడేరు పేరు, డ్రైవర్ అనే మాట, కోర్టు అనే మాట కలిపి చెప్తే మన వాళ్లు ఎవరైనా ముందు అడిగేది "గంజాయా?" అనే. నేనూ అదే అడిగాను. కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. కారణం ఉంది. గంజాయి 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ చట్టం కింద శిక్ష పదేళ్ల దగ్గర మొదలై ఇరవై ఏళ్ల దాకా పోతుంది. పదేళ్లకు తగ్గించే ఇఖ్తియార్ జడ్జికి లేదు. పెద్దవాళ్లకు ప్రొబేషన్ తలుపు కూడా ఆ చట్టమే మూసేసింది. ముప్పై ఏళ్లు నమ్మకంగా పని చేశాడని యజమాని ఎంత బాగా రాసినా, ఆ పదేళ్ల గోడ కదలదు. డబ్బుకు ఆశపడి సరుకు ఎక్కించుకున్న డ్రైవర్ల ఇళ్లలో ఈ సంగతి తీర్పు రోజు దాకా ఎవరికీ తెలియదు. ఉత్తరాలు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు.

డ్రైవరన్న మీద పడింది ఐపీసీ 304ఎ, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీయడం. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఇలాంటి నేరానికి ఐదేళ్ల దాకా ఉంది. ప్రమాదం అంతకు ముందే జరిగింది కాబట్టి పాత లెక్కే: రెండేళ్ల దాకా ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. కింద హద్దు లేదు. జరిమానా నుంచి రెండేళ్ల దాకా ఎక్కడ ఆగాలన్నది జడ్జి చేతిలో ఉంటుంది. ఉత్తరానికి పని ఉందంటే ఆ మధ్య జాగాలోనే.

మర్నాడు మామూ ఫోన్లో చెప్తుంటే నేను రాసుకున్నాను. మొదటి ముసాయిదా ఇలా వచ్చింది: ఇతడు షరీఫ్ మనిషి, ఈమాన్‌దార్, చీమకు కూడా హాని చేయడు. తప్పు ఆ కుర్రాళ్లదే, లైటు లేకుండా వచ్చారు. ఇతడు బేకసూర్. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. దయచేసి మాఫ్ చేసి వదిలేయండి. మధ్యలో ఒకచోట "ముద్దాయి వాళ్లు కూడా మంచివాళ్లే" అన్నారు. నేను ఆగిపోయాను. మామూ చెప్తున్నది చనిపోయిన కుర్రాడి కుటుంబం గురించి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగు కోర్టులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. వకీలు, జామీను, హాజరు, జరిమానా, ఖైదు అన్నీ మన ఇంటి మాటలే, కోర్టులో కూర్చుని తెలుగైపోయాయి. ఈ ఒక్క మాట మాత్రం దారిలో ఎదుటి బెంచీ మీదకు మారి కూర్చుంది. అలాగే రాసి ఉంటే డ్రైవరన్నకే మంచివాడని రాసినట్టయ్యేది, చనిపోయిన వాళ్ల ప్రస్తావనే లేకుండా పోయేది.

ఆ ముసాయిదాను వకీలు గారికి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఫోన్ చేసి నవ్వలేదు, విసుక్కోలేదు. ఒక్కొక్క వాక్యమే తీసుకుని అడిగారు.

"తప్పు వాళ్లదే అని సాయిబు గారు రాస్తున్నారు. ఆయన ఆ మలుపు దగ్గర ఉన్నారా? లేరు. మరి ఎలా రాస్తారు? ఈ ఉత్తరం చదివే సమయానికి జడ్జి గారు సాక్షులందర్నీ విని, తప్పు మనవాడిదని తేల్చి ఉంటారు. అప్పుడు బేకసూర్ అని రాస్తే మీ తీర్పు తప్పు అని ఆయన మొహం మీదే చెప్పినట్టు. అది అప్పీలులో చెప్పాల్సిన మాట."

నాకు ఉర్దూ బడిలో నేర్చుకున్న రెండు మాటలు గుర్తొచ్చాయి. తీర్పు దాకా మనిషి ముల్జిమ్. తీర్పు తర్వాత ముజ్రిమ్. మామూ ఉత్తరం ముజ్రిమ్ గురించి రాయాల్సింది. ఆయన మనసు ఇంకా ముల్జిమ్ దగ్గరే ఆగి ఉంది.

వకీలు గారు ఇంకో సంగతి చెప్పారు. సెషన్స్ కేసుల్లో నేరం తేలాక శిక్ష మీద విడిగా వినాలని చట్టమే చెప్తుంది. మేజిస్ట్రేట్ ముందు నడిచే ఇలాంటి చిన్న శిక్షల కేసుల్లో అలా విడిగా రాసి లేదు. అలవాటుగా జడ్జి గారు "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు. తీర్పుకూ శిక్షకూ మధ్య ఉండేది కొన్ని నిమిషాలే. అప్పుడు ఉత్తరం రాద్దామంటే కుదరదు. ముందే రాసి, సంతకం చేసి, వకీలు ఫైల్లో ఉంచాలి. నేరం రుజువు కాకపోతే అది బయటికే రాదు.

"పోస్టులో జడ్జి గారికి నేరుగా పంపితే?" అని మామూ అడిగారు.

"అసలు పంపకండి. కేసు నడుస్తుండగా జడ్జికి చాటుగా ఉత్తరం రాస్తే మంచి జరగదు, చెడు జరగొచ్చు. నేను కోర్టులో దాఖలు చేస్తాను. ఒక నకలు ప్రభుత్వ న్యాయవాదికి ఇస్తాను. ఆయన అందులో మాటల్ని ప్రశ్నించొచ్చు. మీరు ఆ రోజు కోర్టులో హాజరుగా ఉండాలి. అడిగితే నిలబడి జవాబు చెప్పగలిగిన మాటలే అందులో ఉండాలి."

ఆ చివరి వాక్యం దగ్గర నాకు విషయం తేటపడింది. మామూ రాయాలనుకుంటున్నది సిఫారిష్. కోర్టుకు కావలసింది గవాహీ.

మన ఇళ్లలో ఈ రెండింటికీ తేడా చిన్నప్పుడే చెప్తారు, పెద్దయ్యాక మర్చిపోతాం. మఖ్జూమ్ అనే పెద్ద ఖబీలాకు చెందిన ఒక ఆడమనిషి దొంగతనం చేస్తే, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ కు ఎంతో ఇష్టుడైన ఉసామా బిన్ జైద్‌ను ఆమె కోసం సిఫారిష్ చేయడానికి పంపారు. ఆయనకు కోపం వచ్చింది. ముందటి ఉమ్మతులు నాశనమైంది, పెద్దవాళ్లు తప్పు చేస్తే వదిలి, చిన్నవాళ్లు చేస్తే శిక్షించినందుకేనని చెప్పారు. ఈ హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. గవాహీ దారి వేరు. అల్లాహ్ కోసం గవాహీ ఇవ్వండి, అది మీ మీదకు వచ్చినా, మీ తల్లిదండ్రుల మీదకు వచ్చినా ఇవ్వండి అన్న అర్థం సూరా నిసాలో ఉంది.

ఇవన్నీ నేను మామూకి చెప్పలేదు. ఆయన నాకంటే బాగా చదివినవారు. ఒక్క ప్రశ్న అడిగాను. "మామూ, ఆ రోజు డ్రైవరన్న బండి ఎన్నింటికి ఎక్కాడు?"

చాలాసేపు జవాబు రాలేదు.

"తహజ్జుద్ వేళకే బేటా. మూడింటికి నేనే లేపాను."

పొద్దున మూడింటికి పాడేరులో పసుపు బస్తాలతో బయల్దేరాడు. విశాఖపట్నంలో దించాడు. తిరుగు సరుకు ఎక్కించి మధ్యాహ్నానికి కొండెక్కాల్సిన వాడు. అప్పుడు మామూ ఫోన్ చేశారు. అనకాపల్లిలో బెల్లం ధర తగ్గిందట, వచ్చేటప్పుడు ఎత్తుకు రమ్మన్నారు. అక్కడ లోడు ఆలస్యమైంది. ఘాట్ ఎక్కే వేళకు రాత్రి తొమ్మిది కావస్తోంది. మూడు నుంచి తొమ్మిది, పద్దెనిమిది గంటలు. లారీ, బస్సు, సరుకు బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. అప్పట్లో అది 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టంలో ఉండేది. మామూ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. సంత వ్యాపారం చేసే వాళ్లలో ఎవరు విన్నారు గనక?

రెండున్నరేళ్లు కేసు నడిచింది. ఈ గంటల సంగతి కోర్టులో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. డ్రైవరన్న కూడా చెప్పలేదు. సాయిబు గారి ఉప్పు తిన్నాను అనుకున్నాడేమో.

వకీలు గారితో చెప్పాను. ఆయన ఆలోచించి రెండు వైపులా చెప్పారు. "ఈ మాట శిక్ష దగ్గర పనికొస్తుంది. నిద్ర లేకుండా నడిపే స్థితిలోకి అతణ్ని నెట్టింది ఎవరో తెలుస్తుంది. కానీ జాగ్రత్త. 'నిద్ర వచ్చి గుద్దాడు' అని సాయిబు గారు రాయకూడదు. అది ఆయన చూడలేదు. రాస్తే రేపు అప్పీలులో మనవాడి మెడకే చుట్టుకుంటుంది. ఎన్నింటికి పంపారో, మళ్లీ ఎందుకు ఆపారో, అంతే రాయాలి. ఇంకోటి. నష్టపరిహారం కేసులో సాయిబు గారు కూడా ప్రతివాదే. ఈ కాగితం రేపు ఆయన మీదకే తిరగొచ్చు. అది ఆయనకు ముందే చెప్పండి."

చెప్పాను. మామూ సరే, రేపు మాట్లాడతానన్నారు. ఆ రాత్రి ముమానీ ఫోన్ చేసి నన్ను తిట్టారు. "ఆయనకు షుగరు, బీపీ. ఈ వయసులో పోలీసుల చుట్టూ తిప్పుతావా? మంచివాడని రాస్తే సరిపోదా?" ఆమె మాటలో తప్పేం ఉంది? యజమానులందరూ రాసేది అదే. మంచివాడు అని రాయడానికి ఖర్చేమీ లేదు. జడ్జిలు అలాంటివి చాలా చూసి ఉంటారు.

మర్నాడు ఫజర్ తర్వాత మామూ మెసేజ్ ఉర్దూలో వచ్చింది. రెండే మాటలు. లిఖ్ దో. రాసెయ్.

మొదటి ముసాయిదాను పక్కన పడేశాం. పొగడ్తలు తీసేసి, మామూ కళ్లారా చూసినవి మాత్రం ఏరాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు ఎక్కడివక్కడ కూలాయి, దారులు మూసుకుపోయాయి. డ్రైవరన్న సరుకు బండితో మధ్యలో చిక్కుకుని రెండు రోజులు బండి దగ్గరే ఉన్నాడు. తర్వాత నడిచి వచ్చి మార్కెట్లో వసూలైన డబ్బు తడవకుండా చేతికిచ్చాడు. దాన్ని ఉంచాం. తర్వాత రవాణా కార్యాలయంలో ఆయన పేరు మీద పాత కేసు ఏదీ లేదని కాగితం, లైసెన్సు రెన్యువల్ నకళ్లు తెప్పించాం. ఉత్తరంలో చెప్పే మంచితనానికి పక్కన ఇలాంటి కాగితం ఒకటి ఉంటే ప్రభుత్వ న్యాయవాదికి అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు.

చనిపోయిన కుర్రాడి గురించి ఏం రాయాలన్నది అన్నిటికంటే కష్టమైంది. ఇక్కడ నాకు 2023లో అమెరికాలో జరిగింది గుర్తొచ్చింది. డానీ మాస్టర్‌సన్ అనే నటుడు అత్యాచారం కేసులో దోషిగా తేలాక, అతని స్నేహితులు, పేరున్న నటులు ఆష్టన్ కచర్, మిలా కూనిస్ శిక్షకు ముందు జడ్జికి అతని మంచితనం గురించి ఉత్తరాలు రాశారు. అవి బయటికి వచ్చాక జనం మండిపడ్డారు, ఇద్దరూ వీడియోలో క్షమాపణ చెప్పారు. మన కేసుకూ ఆ కేసుకూ పోలిక లేదు. అయినా ఒకటి నేర్చుకోవచ్చు. ఉత్తరం జడ్జి ఒక్కరే చదువుతారనుకుని రాస్తాం. ఎదుటి బెంచీ మీద కొడుకును పోగొట్టుకున్న తల్లి కూడా కూర్చుని ఉంటుంది. ఆమె ముందు పైకి చదివి వినిపించగలిగినట్టు ఉండాలి.

చివరికి ఒక పేజీ తేలింది. మామూ అనుమతితో, పేర్లూ కేసు నంబరూ తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

"గౌరవనీయులైన జ్యుడీషియల్ ప్రథమ శ్రేణి మేజిస్ట్రేట్ వారికి.

నేను పాడేరులో అటవీ, వ్యవసాయ దినుసుల వ్యాపారం చేస్తాను. ముద్దాయి నా దగ్గర పంతొమ్మిదేళ్లుగా డ్రైవరు. ఈ కోర్టు అతణ్ని దోషిగా తేల్చిన పక్షంలో మాత్రమే ఈ ఉత్తరం చదవమని మనవి. ఆ తీర్పును నేను ప్రశ్నించడం లేదు.

ఈ పంతొమ్మిదేళ్లలో అతను తాగి బండి ఎక్కడం నేను చూడలేదు. 2014 తుఫానులో రెండు రోజులు దారిలో చిక్కుకుని కూడా నా సొమ్ము పైసాతో సహా తెచ్చి ఇచ్చాడు. అతని మీద పాత కేసులు లేవని రవాణా కార్యాలయం ఇచ్చిన కాగితం జతచేశాను.

ప్రమాదం జరిగిన రోజు అతణ్ని తెల్లవారుజామున మూడు గంటలకు పనిలోకి పంపింది నేను. మధ్యాహ్నం తిరిగి వస్తుంటే అనకాపల్లి నుంచి ఇంకో లోడు తెమ్మని ఫోన్ చేసింది నేను. అతను అలసిపోయానని అన్నాడు. నేను వినలేదు. మలుపు దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆసుపత్రి నుంచి అతనే నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి అక్కడే ఉన్నాడు, పోలీసులు వచ్చేదాకా కదల్లేదు.

ఒక తల్లికి కొడుకు పోయాడు. దానికి ఈ ఉత్తరం బదులు కాదు. నా బండిని ఇప్పుడు రోజుకు ఎనిమిది గంటలకు మించి నడపనివ్వడం లేదు. కోర్టు ఏ శిక్ష వేసినా, అది ముగిశాక అతనికి నా దగ్గర పని ఉంటుంది. లైసెన్సు పోతే గోదాములో పని ఇస్తాను. కోర్టు అడిగితే ఇవన్నీ నిలబడి చెప్తాను."

కింద మామూ దస్తఖత్ ఉర్దూలో. నలభై ఏళ్లుగా బ్యాంకులోనూ అదే.

"అతను అలసిపోయానని అన్నాడు, నేను వినలేదు" అన్న వాక్యం నేను రాయలేదు. చివరి నకలు చదివి వినిపిస్తుంటే మామూయే ఆపి చేర్పించారు. అప్పటిదాకా ఆ సంగతి నాకూ తెలియదు.

తీర్పు రోజు నేనూ వెళ్లాను. నేరం రుజువైందని జడ్జి గారు చెప్పాక, శిక్ష గురించి డ్రైవరన్నను అడిగారు. ఆయన చేతులు కట్టుకుని ఆడపిల్లలున్నారని మాత్రం అన్నారు. వకీలు గారు ఉత్తరం అందించారు. ప్రభుత్వ న్యాయవాది లేచి, వృత్తి డ్రైవర్లకు 304ఎ కేసుల్లో ప్రొబేషన్ తేలిగ్గా ఇవ్వొద్దని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేశారు. అది నిజమే. ఆ తీర్పు ఉన్నంత కాలం ఇలాంటి ఉత్తరం మనిషిని వదిలించి తెస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోకూడదు. జడ్జి గారు ఉత్తరం రెండుసార్లు చదివి తలెత్తారు.

"ఇది రాసింది ఎవరు?"

మామూ లేచి నిలబడ్డారు.

"మూడింటికి పంపింది మీరేనా?"

"నేనే సార్."

అంతే. ఇంకేమీ అడగలేదు. ఆరు నెలల సాధారణ ఖైదు, జరిమానా వేశారు. మూడేళ్లకు మించని శిక్ష, పైగా జామీను మీద ఉన్న మనిషి కాబట్టి అప్పీలు చేసుకోవడానికి శిక్షను ఆపి ఇంటికి పంపారు. ఇంట్లో వాళ్లు ఆ రోజే జైలుకు తీసుకెళ్తారని బట్టల సంచీ కట్టుకుని వచ్చారు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ పిల్లలు ఆ రాత్రి నిద్రపోయి ఉండేవాళ్లు.

రెండేళ్లు ఆరు నెలలైంది ఉత్తరం వల్లనా అని చాలామంది అడిగారు. నాకు తెలియదు, మామూ అడగలేదు. బయటికి వచ్చాక మాత్రం ఒకటి జరిగింది. చనిపోయిన కుర్రాడి తల్లి మెట్ల దగ్గర మామూ ఎదురుగా వచ్చి నిలబడింది. రెండున్నరేళ్లలో ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆ రోజు అడిగింది.

"అలసిపోయానని చెప్పాడా?"

"చెప్పాడమ్మా."

ఆమె తలూపి వెళ్లిపోయింది. డ్రైవరన్న దూరంగా వేపచెట్టు కింద కూర్చుని ఏడుస్తున్నాడు. మామూ వెళ్లి ఆయన పక్కన నేల మీదే కూర్చున్నారు. అసర్ అజాన్ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.